బొమ్మ చూసి భిన్నం రాయడం, 3వ పాఠం: ముక్కలు సమానంగా లేకపోతే?

పోయిన రెండు పాఠాల్లో తేలిగ్గా ఉండేవి చూశాం. మొత్తం ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టి గీత కింద రాయడం, అది హారం. రంగేసినవి ఎన్నో లెక్కపెట్టి గీత పైన రాయడం, అది లవం. ఎనిమిది గళ్ళలో మూడిటికి రంగేస్తే 3/8, అంతేగానీ రంగేసినవి మూడు, ఖాళీగా ఉన్నవి ఐదు కాబట్టి 3/5 అని రాయకూడదని కూడా చెప్పుకున్నాం. ఖాళీవి విడిగా లెక్కపెట్టి కింద రాసే అలవాటు మీ పిల్లలకి ఇంకా పోకపోతే ఇది ఇప్పుడే మొదలుపెట్టకండి, ముందు రెండో పాఠంలోవి ఇంకో నాలుగు చేయించండి.

ఈరోజు చూసేది వర్క్‌షీట్‌లో సాధారణంగా చివర్లో వచ్చే బొమ్మలు. మా గుంటూరులో సాయంత్రం పూట నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే మూడు, నాలుగు తరగతుల పిల్లలు పైనవన్నీ గబగబా చేసేసి ఇక్కడికొచ్చేసరికి తప్పు రాస్తారు, పైగా తప్పు రాశామని వాళ్ళకి అనుమానం కూడా రాదు, ఎందుకంటే లెక్కపెట్టడం కరెక్ట్‌గానే పెట్టారు.

బొమ్మ ఇది, ఒక కాగితం తీసుకుని మీరూ గీయండి. ఒక చతురస్రం గీసి మధ్యలో నిలువుగా పైనుంచి కిందదాకా ఒక గీత గీయండి. ఇప్పుడు కుడివైపు సగంలో మాత్రమే మధ్యకి ఒక అడ్డగీత. ఎడమవైపు ఏమీ గీయొద్దు. అంటే ఎడమవైపు ఒక పెద్ద ముక్క, కుడివైపు పైన ఒక చిన్నది, కింద ఒక చిన్నది. కుడివైపు పైదానికి రంగేయండి. ఎంత భాగానికి రంగేశాం?

పిల్లలు 1/3 అని రాస్తారు. మూడు ముక్కలున్నాయి, ఒకదానికి రంగుంది, వాళ్ళ లెక్క అది. ఇక్కడ వెంటనే తప్పు అనేయకుండా ఒక్క ప్రశ్న అడగండి: "సరే, రంగేసింది 1/3 అయితే దాని పక్కనున్న పెద్ద ముక్క ఎంత?" అది కూడా 1/3 అనే అంటారు. "మరి రెండూ 1/3 అయితే రెండూ ఒకే సైజులో ఉండాలిగా?" అప్పుడు బొమ్మ వైపు ఇంకోసారి చూస్తారు. ఇంట్లో దిబ్బరొట్టెని ముగ్గురికీ ఇలా కోసి పెట్టి సమానంగా పంచానంటే ఊరుకుంటారా, పెద్ద ముక్క ఎవరికో తేలేదాకా గొడవే.

అసలు సంగతేంటంటే హారం అంటే బొమ్మలో గీతలు గీసి ఉన్న ముక్కల సంఖ్య కాదు, రంగేసిన ముక్క లాంటివి ఎన్ని పెడితే మొత్తం బొమ్మ నిండుతుందో ఆ సంఖ్య. ముక్కలన్నీ సమానంగా ఉన్నప్పుడు ఈ రెండూ ఒకటే అవుతాయి కాబట్టి మొదటి రెండు పాఠాల్లో తేడా తెలియలేదు.

మరి ఎలా చేయాలి? పెన్సిల్, స్కేలు తీసుకుని ఆ అడ్డగీతని ఎడమవైపుకి కూడా పొడిగించండి, చుక్కల గీత అయినా చాలు. ఇప్పుడు నాలుగు సమాన ముక్కలు వచ్చాయి, అందులో రంగున్నది ఒకటి, అంటే 1/4. పావు అన్నమాట. బొమ్మలో లేని గీత గీయొచ్చా అని పిల్లలు భయపడతారు, గీయొచ్చు, గీత గీసినంత మాత్రాన రంగేసిన జాగా పెరగదు, తగ్గదు.

అదే బొమ్మలో ఎడమవైపు పెద్దదానికీ, కుడివైపు పైదానికీ రంగేసి మళ్ళీ అడగండి. అలవాటు ప్రకారం 2/3 అంటారు. చుక్కల గీత గీస్తే పెద్ద ముక్కలో రెండు పావులు, చిన్నది ఇంకో పావు, మొత్తం 3/4. ముప్పావు అనే మాట ఇంట్లో వింటూనే ఉంటారు కాబట్టి "ముప్పావు వంతుకి రంగుంది, పావు వంతు ఖాళీ" అని నోటితో చెప్పించండి, చెప్తుంటేనే సరిపోయిందో లేదో వాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు దీనికి ఎదురు కేసు. ఒక పొడుగు దీర్ఘచతురస్రం గీసి రెండు కర్ణాలూ గీయండి, అంటే మూలనుంచి ఎదురు మూలకి ఒకటి, ఇంకో జత మూలలకి ఒకటి. నాలుగు త్రిభుజాలొస్తాయి. పైనా కిందా ఉన్నవి వెడల్పుగా పొట్టిగా, పక్కలవి సన్నగా పొడుగ్గా కనిపిస్తాయి. పైన నేర్చుకున్న పిల్లాడు "ఇవి సమానం కాదు" అంటాడు. కానీ సమానమే! సరిగ్గా మధ్యలోంచి ఒక నిలువు గీత, ఒక అడ్డగీత చుక్కలతో గీస్తే అచ్చం ఒకేలా ఉండే ఎనిమిది చిన్న త్రిభుజాలొస్తాయి, పెద్ద త్రిభుజం ఏది తీసుకున్నా అందులో సరిగ్గా రెండుంటాయి. కాబట్టి ఏ ఒక్కదానికి రంగేసినా 1/4. ఆకారం ఒకేలా ఉండక్కర్లేదు, పట్టే జాగా ఒకటే అయితే చాలు. నమ్మకపోతే ఆ ఎనిమిదీ కత్తిరించి, అవసరమైతే తిరగేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడనివ్వండి, నా లెక్కలో అయితే పది బొమ్మలు చేయించేకన్నా ఇలా ఒక కాగితం కత్తిరించడం మేలు.

కొన్నిటికి గీత గీసినా పని జరగదు. ఒక వృత్తాన్ని రెండు నిలువు గీతలతో ఒకే వెడల్పు ఉండే మూడు పట్టీలుగా చేసి మధ్యదానికి రంగేస్తే 1/3 అనిపిస్తుంది. వెడల్పు ఒకటే అయినా మధ్య పట్టీ పొడుగ్గా ఉంటుంది, పక్కలవి గుండ్రంగా తగ్గిపోతాయి. మధ్యది నిజానికి ఐదింట రెండు వంతులకన్నా కాస్త ఎక్కువే, అంటే 1/3 కన్నా బాగా పెద్దది. "1/3 చూపించే బొమ్మకి టిక్ పెట్టండి" అనే ప్రశ్నలో ఇది కనిపిస్తే టిక్ పెట్టకూడదు. వృత్తాన్ని మూడు సమాన భాగాలు చేయాలంటే కేంద్రం నుంచి అంచుదాకా మూడు గీతలు సమానమైన ఎడంతో గీయాలి. చేత్తో గీసిన బొమ్మ కొంచెం అటూ ఇటూ అయితే మాత్రం పట్టించుకోకండి, అది సమానంగా గీద్దామనుకున్నదని చూడగానే తెలిసిపోతుంది.

ఇంకొక్కటి, ఇది పెద్దవాళ్ళు జాగ్రత్తగా చూడాల్సింది. దీర్ఘచతురస్రాన్ని మూడు సమానమైన నిలువు పట్టీలుగా చేసి, మధ్య పట్టీని మాత్రం అడ్డంగా సగానికి కోయండి. మధ్య పట్టీలో కింది సగానికీ, కుడివైపు పట్టీ మొత్తానికీ రంగేయండి. పిల్లలు నాలుగు ముక్కల్లో రెండు అని 2/4 రాస్తారు. సరిగ్గా చేస్తే అడ్డగీత రెండువైపులా పొడిగించాలి, ఆరు ముక్కలు, రంగున్నవి మూడు, 3/6. రెండూ సగమే! విలువ కలిసిపోయింది గానీ 2/4 రాసిన పిల్లాడు ముక్కలు సమానమో కాదో చూడలేదు. టీచర్ రైట్ కొట్టినా మీరు మాత్రం "ఆ నాలుగు ముక్కలు చూపించు" అని అడగండి.

అడిగాక అదే బొమ్మ మళ్ళీ గీసి, ఈసారి ఎడమ పట్టీకీ కుడి పట్టీకీ రంగేసి, మధ్యది ఖాళీగా వదిలి ఇవ్వండి. మళ్ళీ 2/4 అని వస్తే చుక్కల గీత దగ్గర్నుంచి ఇంకోసారి చెప్పాలి. 4/6 అనో 2/3 అనో వస్తే వచ్చే పాఠానికి రావచ్చు, అందులో రెండు వృత్తాలు పక్కపక్కన ఉండి ఒకటి నిండా, ఇంకోటి కొంచెం రంగేసి ఉన్నప్పుడు ఏం రాయాలో చూద్దాం.