చాట్ అనువాదం – 4వ పాఠం: ‘స్టాప్’ పక్కన 😭 ఉంటే

పోయిన పాఠంలో 🙏 చూశాం. ఈసారి ఇంగ్లిష్ మెసేజ్‌లలో కుర్రకారు తెగ వాడే 😭 సంగతి. యూనికోడ్‌లో దీని పేరుకి అర్థం ‘బిగ్గరగా ఏడుస్తున్న ముఖం’. 2010లో వచ్చిన ఆ పేరు అలాగే ఉంది, వాడుక మాత్రం మారిపోయింది. ఇప్పుడు పిల్లలు నవ్వు ఆగకపోయినా, ముద్దొచ్చినా ఇదే పెడుతున్నారు.

మా మలక్‌పేట ఇంట్లో జరిగింది చెప్తాను. నానమ్మ బతుకమ్మ ఆడుతున్న ఫొటోని అమెరికాలో ఉన్న మా చెల్లికి పంపాను. జవాబు వెంటనే వచ్చింది: ‘స్టాప్ 😭’. ఏం రాసిందని నానమ్మ అడిగితే, ‘ఆపమంటోంది, ఏడుస్తోంది’ అని ఉన్నదున్నట్టు చెప్పాను. ‘నన్ను ఆడొద్దంటదా?’ అని నానమ్మ ముఖం చిన్నబోయింది. ఆ తప్పు నాదే.

ఇలాంటప్పుడు ముందు పై మెసేజ్ చూడండి. అక్కడ ఆపడానికేమైనా జరుగుతోందా? ఫొటో తీసి పంపడం అయిపోయింది, ఇక ఆపేదేమీ లేదు. కాబట్టి ‘స్టాప్’ ఆజ్ఞ కాదు, తట్టుకోలేకపోతున్నా అనే కేక. తెలుగులో ఆ చోట మనం ‘అబ్బా’ అంటాం. అందుకని నేను చెప్పాల్సింది ఇది: ‘అబ్బా, నానమ్మ ఎంత ముద్దొస్తోందో!’

మరి 😭ని తెలుగులోనూ ఉంచాలా? చదివేది చెల్లి వయసు వాళ్లయితే ఉంచండి. నానమ్మకైతే తీసేయండి, ఆమెకది ఏడుపే. భావాన్ని మాటల్లోకి తెచ్చాక బొమ్మ లేకున్నా లోటుండదు.

ఇప్పుడు అదే మాటను వేరే చోట పెట్టి చూడండి. గ్రూపులో ఒకమ్మాయి పాత స్కూలు ఫొటోలను స్నేహితురాళ్లు ఒక్కొక్కటే పెడుతున్నారు. మూడో దానికి ఆ అమ్మాయి ‘స్టాప్ 😭’ అంది. ఇక్కడ ఆపడానికి ఒక పని నడుస్తోంది, అందుకే చిక్కు. సరదాగా అందో, నిజంగా ఇబ్బంది పడుతోందో ఈ ఒక్క మెసేజ్‌తో తేలదు. కిందికి చదవండి. తర్వాత తనే ఇంకో ఫొటో పెడితే ‘అయ్యో, చాల్లేవే, నవ్వలేక చస్తున్నా’ అనొచ్చు. బొమ్మలేమీ లేకుండా ‘స్టాప్’ అని మళ్లీ రాస్తే, లేదా ఉన్నట్టుండి మౌనంగా ఉండిపోతే, ‘ప్లీజ్, ఇక పెట్టకండే’ అని రాయాలి. కింద ఏమీ లేకపోతే రెండో అర్థమే తీసుకోండి. సరదాని అభ్యర్థనగా రాస్తే కాస్త నవ్వు తగ్గుతుంది, అభ్యర్థనని సరదాగా రాస్తే ఆమె మాటే పోతుంది.

వచ్చే వారానికి ఒకటి చేసి ఉంచండి. తమ్ముడు మాడిన బొబ్బట్ల ఫొటో పంపాడు, అక్క జవాబు: ‘నో 💀’. ‘వద్దు’ అని మాత్రం రాయకండి.