నెల పాస్ తీసుకోవాలా, రోజూ టికెట్ కొట్టించుకోవాలా: కర్నూలు – నందికొట్కూరు లెక్క, దరఖాస్తు విధానం

ముందుగా ఒక మాట. ఏపీలో ఉండే మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో స్త్రీశక్తి పథకం కింద ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు, పాస్ అక్కర్లేదు. కాబట్టి ఈ లెక్క మగవాళ్లకే.

పాస్ కొనేముందు కౌంటర్లో ధర అడిగి, దాన్ని ఒకవైపు ఛార్జీతో భాగించండి. నందికొట్కూరు నుంచి కర్నూలుకు ఛార్జీ రూ.40, నెల పాస్ రూ.1,600 అనుకుందాం. అంటే 40 ట్రిప్పులు, రానూపోనూ 20 రోజులు. అంతకు మించి తిరిగితేనే లాభం. రోజుల కంటే ట్రిప్పులు లెక్కపెట్టడం మేలు. సాయంత్రం ఎవరి బండి మీదో ఇంటికొస్తే ఆ రోజు సగమే కదా.

ఇక 2026 జనవరినే చూడండి. ఆదివారాలు, రెండో శనివారం సెలవుండే ఆఫీసు అనుకోండి. ఒకటో తారీఖున పాస్ తీసుకుంటే 30 వరకు నడుస్తుంది. అందులో ఆదివారాలు నాలుగు, రెండో శనివారం ఒకటి, భోగి, సంక్రాంతి, కనుమ మూడు, రిపబ్లిక్ డే ఒకటి. మిగిలేది 21 రోజులు. ఒక రోజు జ్వరమొచ్చి, ఇంకో రోజు స్నేహితుడి బండి మీద వెళ్లొస్తే 19కి దిగుతుంది. టికెట్లయితే రూ.1,520తో పోయేది, పాస్ వల్ల రూ.80 నష్టం.

అదే పాస్ పండగ అయ్యాక, 17న మొదలుపెడితే ఫిబ్రవరి 15 దాకా వస్తుంది. ఆదివారాలు ఐదు పడినా, మహాశివరాత్రి కూడా ఆదివారమే రావడంతో విడిగా సెలవు పోదు. రిపబ్లిక్ డే, రెండో శనివారం తీసేస్తే 23 రోజులు. టికెట్లకు రూ.1,840 అయ్యేది, అంటే రూ.240 మిగులు. అందుకే పాత పాస్ అయిపోయిన మర్నాడే రెన్యువల్‌కు పరుగెత్తకండి. ముందు క్యాలెండర్ చూడండి. వరుసగా సెలవులుంటే అవి దాటేదాకా టికెట్లే నయం. చిల్లర గొడవ మాత్రం తప్పదు.

దరఖాస్తు పెద్ద పని కాదు. బస్టాండులో పాస్‌లు ఇచ్చే కౌంటర్‌కు ఆధార్, దాని జిరాక్స్, పాస్‌పోర్టు సైజు ఫోటో తీసుకెళ్లి, మంత్లీ సీజన్ టికెట్ కావాలని అడగండి. ఫారంలో ఎక్కే స్టేజీ, దిగే స్టేజీ, బస్సు రకం, ఏ తేదీ నుంచి కావాలో రాయాలి. బస్సు రకం దగ్గర తొందరపడొద్దు. మీరు ఆఫీసుకెళ్లే టైముకు నిజంగా వచ్చేది పల్లెవెలుగా, ఎక్స్‌ప్రెస్సా? చవకని పల్లెవెలుగుకు తీసుకుని, అది ఆలస్యమైన ప్రతిసారీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆ రోజు డబ్బు మళ్లీ జేబులోంచే పోతుంది, పైన వేసిన లెక్కంతా తారుమారవుతుంది.

పాస్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి తేదీలు, స్టేజీల పేర్లు చదువుకోండి. తప్పుంటే అక్కడే దిద్దించుకోవడం తేలిక, బస్సులో కండక్టర్‌తో వాదించి లాభం లేదు.