వాట్సాప్‌లో పంపే వీడియో మసకబారకుండా ఉండాలంటే

వాట్సాప్ పంపే ముందు వీడియో సైజును కుదించేటప్పుడు ఒక ఫ్రేమ్‌కూ తర్వాతి ఫ్రేమ్‌కూ మధ్య మారిన భాగాలకే ఎక్కువ డేటా ఖర్చవుతుంది కనుక, చేయి వణికినా, వెలుతురు చాలక చుక్కలు కదలాడినా ముఖానికి మిగిలేది తగ్గి, అది మసకబారుతుంది. అందుకే పాఠం రికార్డు చేసే ఉపాధ్యాయులు ఫోన్‌ను కళ్ల ఎత్తులో పుస్తకాల దొంతరకు ఆనించి, కిటికీకి వీపు పెట్టకుండా, దానివైపు ముఖం కాస్త ఏటవాలుగా తిప్పి కూర్చోవాలి.

నా దృష్టిలో చిత్రం కన్నా ధ్వనే ముఖ్యం. ఫ్యాన్ ఆపి, వైరున్న ఇయర్‌ఫోన్ మైకును నోటికి జానెడు దూరంలో, చొక్కాకు రాసుకోకుండా అమర్చుకోవాలి. గది ప్రతిధ్వని మాటల్లో కలిసిపోయాక దాన్ని విడదీయడం చాలా కష్టం. కొన్ని ఫోన్‌ల కెమెరా యాప్ బయటి మైకును తీసుకోదు కాబట్టి, ముందుగా పది సెకన్లు తీసి, మీకే పంపుకుని వినండి.