దీపావళి పత్తాలాట: రెండు వేలకు ఎంత పందెం?

దీపావళి రాత్రి హన్మకొండ, కాజీపేట దిక్కు పత్తాలు పట్టుకుని కూర్చునేవాళ్లు ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. పైసలు పెట్టి ఆడితే తెలంగాణ గేమింగ్ చట్టం (1974) కింద కేసు కావచ్చు. 2017 సవరణతో ఆన్‌లైన్ ఆటలు కూడా అందులోకి వచ్చాయి. రెండోది లెక్క. దాన్ని చింతగింజలు పెట్టి ఆడి కూడా సరిచూసుకోవచ్చు.

అందర్ బాహర్ తీసుకుందాం. గెలుపు, ఓటమి సగం సగం అనుకోండి. జేబులో 2,000, రాత్రంతా 100 ఆటలు. ఒక్కో ఆటకు 200 పెడితే చేతిలో ఉన్నవి 10 పందేలే. ఆ 100 ఆటలు పూర్తికాకముందే జేబు ఖాళీ అయ్యే అవకాశం 32 శాతం, అంటే ముగ్గురిలో దాదాపు ఒకరు. పందెం 100కు తగ్గిస్తే అది 5 శాతం లోపుకు పడిపోతుంది. పందెం సగమే తగ్గింది కానీ ప్రమాదం ఆరో వంతుకంటే ఎక్కువ లేదు. ఎందుకంటే 100 ఆటల్లో లెక్క 10 పందేలు అటో ఇటో ఊగడం మామూలు (100కు వర్గమూలం 10). 20 పందేలు ఊగడం అరుదు.

ఇందులో మనుషులను మోసం చేసేది వరుస ఓటమి. 100 ఆటల్లో ఎక్కడో ఒకచోట వరుసగా 5 ఓడిపోయే అవకాశం 81 శాతం. 6 అయితే 55, 7 అయితే 32 శాతం. కాబట్టి ఆరు ఓడితే పత్తాలు పంచేవాడిని అనుమానించనక్కర్లేదు, "ఇగ వచ్చేది నాదే" అని పందెం పెంచనూ కూడదు. ఏడో ఆట కూడా సగం సగమే.

ఓడినప్పుడల్లా రెట్టింపు పెట్టే పద్ధతి అన్నిటికంటే ప్రమాదం. 50తో మొదలుపెడితే 50, 100, 200, 400, 800: ఐదు ఓటములకే 1,550 పోతాయి. ఆరో పందానికి 1,600 కావాలి, మిగిలింది 450. గెలిచినవి పక్కన పెట్టుకుంటూ పోతే, ఆ రాత్రి ఈ స్థితి ఎదురయ్యే అవకాశం పైన చెప్పిన 81 శాతమే.

ఇంకో సంగతి, నిజానికి ఆట సగం సగం కాదు. పత్తాలు ఏ వైపు ముందు వేస్తారో ఆ వైపు సుమారు 51.5 శాతం గెలుస్తుంది. ఎప్పుడూ రెండో వైపే పెట్టేవాడికి, 200 పందెంతో 32 శాతం కాస్తా 40 దాటుతుంది. పందెం చిన్నదైతే నష్టం మెల్లగా వస్తుంది, అంతేగానీ ఓడే వైపు గెలిచే వైపు కాదు.

అందుకే కూర్చునే ముందే తెచ్చిన పైసలను 20తో భాగించి, అదే పందెంగా చివరిదాకా ఉంచాలి. తెల్లవార్లూ 400 ఆటలు ఆడేలా ఉంటే 40తో భాగించాలి: ఆటలు నాలుగింతలైతే ఊగుడు రెండింతలవుతుంది, అప్పుడు 2,000కు పందెం 50 దాటకూడదు.