అమ్మకం పెరిగినా నష్టమే: మా హోటల్ లెక్క

అద్దె 30,000 పెరగడంతో మా హోటల్ నెల స్థిర ఖర్చు 2,40,000 అయింది. 4,000 ప్లేట్లు అమ్మినా 10,000 నష్టం. తప్పంతా అద్దెదే అనుకున్నాను.

ప్లేటు వారీగా లెక్క వేశాక అసలు సంగతి తెలిసింది. 120 రూపాయల భోజనంలో సరుకులు, గ్యాసు పోగా 70 మిగులుతుంది. యాప్‌లో వెళ్లే 220 రూపాయల బిర్యానీకి సరుకులు, డబ్బా కలిపి 120, కమీషన్ 55 పోతే మిగిలేది 45. ఒకప్పుడు అయిదు ప్లేట్లలో ఒకటిగా ఉన్న బిర్యానీ ఇప్పుడు సగానికి చేరింది. దాంతో ప్లేటుకు సగటు మిగులు 65 నుంచి 57.50కి పడిపోయింది. స్థిర ఖర్చును దానితో భాగిస్తే, నష్టం లేకుండా గట్టెక్కడానికే 4,174 ప్లేట్లు అమ్మాలి!

యాప్‌లో బిర్యానీ ధర 240 చేశాను. నాలుగో వంతు కమీషన్ పోయినా 60 మిగిలి, సగటు మళ్లీ 65 అయింది. ఆ నెల అమ్మకం 3,800కి తగ్గింది, బిర్యానీ వాటా సగంగానే ఉంది. అయినా 7,000 మిగిలింది.