ఆసుపత్రి ఖర్చుకు ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ: దరఖాస్తు ఎలా చేయాలి, ఏ కాగితాలు పెట్టాలి

మిలాప్, కెట్టో లాంటి ప్లాట్‌ఫామ్‌లో పేజీ తెరవడానికి పావుగంట చాలు. దాన్ని చూసినవాళ్లు నమ్మి డబ్బు వేయాలంటే మాత్రం ముందు రోజంతా కాగితాల పని ఉంటుంది. ఫోన్‌లో ఫారం నింపడం మొదలుపెట్టకముందే ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌కు వెళ్లండి.

అక్కడ అడగాల్సింది ఎస్టిమేట్ లెటర్. అది ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉండాలి. రోగి పేరు, ఆసుపత్రి రోగికిచ్చే యూహెచ్‌ఐడీ నంబరు, జబ్బు, చేయబోయే చికిత్స, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, తేదీ, డాక్టర్ సంతకం, ముద్ర ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. నేను సాయం చేసిన పేజీల్లో ఎక్కువసార్లు వెనక్కి వచ్చింది తేదీ లేని లెటర్ వల్లే. ‘సుమారు 8 లక్షలు’ అని ఒకే అంకె వేసి ఇస్తే, విడివిడిగా రాసిమ్మని అడగండి. మొహమాటపడొద్దు.

ఒక ఊహా ఉదాహరణతో లెక్క చూద్దాం. 28 వారాలకే పుట్టిన పాప, బరువు 950 గ్రాములు, పసిపిల్లల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో ఉంది. ఎస్టిమేట్‌లో రోజుకు 15,000 చొప్పున 40 రోజులకు 6 లక్షలు, మందులు, పరీక్షలకు 1 లక్షా 20 వేలు రాశారు. మొత్తం 7 లక్షల 20 వేలు. చేతిలో ఉన్న 70 వేలు, బంగారం కుదువ పెట్టి తెచ్చిన 1 లక్షా 10 వేలు తండ్రి ఇప్పటికే కట్టాడు. కాబట్టి పేజీలో పెట్టాల్సిన లక్ష్యం 5 లక్షల 40 వేలు. కొందరు ‘ఎలాగూ అంత రాదు’ అనుకుని 10 లక్షలు పెడతారు. కింద ఎస్టిమేట్ తెరిచి చూసిన దాతకు ఆ తేడా వెంటనే కనిపిస్తుంది.

ప్రభుత్వ సాయం సంగతి కూడా రాయాలి. ‘ఆరోగ్యశ్రీ ఉంది కదా’ అనే ప్రశ్న కామెంట్లలో ఎలాగూ వస్తుంది. ఆ పథకం వివరాలు చెప్పే ఆరోగ్యమిత్రను అడిగి, వచ్చిన జవాబును పేజీలో ఒక వాక్యంలో చెప్పండి: ‘ఈ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేదు, పాపను ఇప్పుడు కదిలించొద్దని డాక్టర్లు అన్నారు.’ ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకుంటే అదీ రాయండి. ఆ డబ్బు వస్తే లక్ష్యం తగ్గించండి.

ఇక ఫారం. పేజీ నడిపేవాళ్ల పాన్, ఆధార్, రోగితో బంధుత్వం, ఆసుపత్రి పేరు, వార్డు అడుగుతారు. ప్లాట్‌ఫామ్ వాళ్లు ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంటారు కాబట్టి, ఫలానా వాళ్లు అడుగుతారని బిల్లింగ్‌లో ముందే చెప్పి ఉంచండి. అందరికీ కనిపించే చోట ఆధార్ పెట్టాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి. ఎస్టిమేట్, రిపోర్టుల మీద ఫోన్ నంబరు, అడ్రసు కొట్టేయొచ్చు. రోగి పేరు, తేదీ, ముద్ర మాత్రం కొట్టేయకూడదు. కాగితాన్ని నాలుగు మూలలూ కనిపించేలా ఫొటో తీయండి. సగం కత్తిరించిన ఫొటో చూస్తే ఎవరికైనా అనుమానమే.

డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు వెళ్లే పద్ధతి ఎంచుకోండి. దాతలకు అంతకన్నా గట్టి భరోసా ఇంకోటి లేదు. మీకూ మేలే, ఎందుకంటే బంధువులు కానివాళ్ల నుంచి సొంత ఖాతాలోకి ఏడాదిలో 50 వేలకు మించి వచ్చిన డబ్బును ఆదాయపు పన్నులో ఆదాయంగా లెక్కేస్తారు. పేజీ కింద వ్యక్తిగత ఫోన్‌పే నంబరు విడిగా ఇస్తే, ఆ లెక్క ఎవరికీ కనిపించదు. నేనైతే వద్దనే అంటాను.

కథ రాసేటప్పుడు ‘ఈ రాత్రిలోగా కట్టకపోతే’ లాంటి మాటలు డాక్టర్ చెబితే తప్ప రాయకండి. ఇలా చాలు: ‘మా పాప 28 వారాలకే పుట్టింది. 9 రోజులుగా వెంటిలేటర్ మీద ఉంది. ఇప్పటిదాకా 1 లక్షా 80 వేలు కట్టాం. రసీదులు కింద పెట్టాం.’ ఏడుస్తున్న తల్లి ఫొటో కన్నా ఆ రసీదులకే ఎక్కువ బలం ఉంటుంది.

పేజీ మొదలయ్యాక వారానికోసారి అప్‌డేట్ పెట్టండి: పాప బరువు ఎంతయింది, ఎంత వచ్చింది, ఆసుపత్రికి ఎంత వెళ్లింది. 40 రోజులనుకున్నది 33 రోజులకే డిశ్చార్జ్ అయితే ఏడు రోజుల చార్జీ, 1 లక్షా 5 వేలు, మిగులుతుంది. ఫైనల్ బిల్లు పెట్టి, మిగిలింది తర్వాతి కంటి పరీక్షలకా, వేరే రోగికా అన్నది దాతలకు చెప్పి, ప్లాట్‌ఫామ్ ఒప్పుకున్నాకే ఖర్చు చేయండి. బిడ్డ దక్కకపోతే ఆ రోజే విరాళాలు ఆపేయమని ప్లాట్‌ఫామ్‌కు మెయిల్ చేయాలి. ఆ పని తల్లిదండ్రుల మీద పెట్టకుండా, పేజీ చూసుకునే బాధ్యత మొదటి రోజే మేనమామకో బాబాయికో అప్పగించండి.