దసరా ఆఫర్ బోర్డు కట్టే ముందు

పోయిన దసరాకు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చిన్న చీరల షాపు ముందు ‘అన్నిటి మీదా 20 శాతం తగ్గింపు’ అని ఫ్లెక్సీ కట్టించాను. గిరాకీ బాగానే వచ్చింది, రోజూ గల్లా నిండింది. పండగయ్యాక హోల్‌సేల్ బాకీ కట్టి లెక్క చూసుకుంటే మామూలు నెలంత కూడా మిగల్లేదు.

ఎక్కడ పోయిందంటే, మేం 700కి తెచ్చిన చీరను 1000కి అమ్ముతాం. మామూలు నెలలో 100 చీరలు పోతే 30,000 మిగులుతుంది. 20 శాతం తగ్గిస్తే ఆ 200 పూర్తిగా మన 300లోంచే పోతుంది, చీరకు 100 మిగులుతుంది. అదే 30,000 రావాలంటే 300 చీరలు అమ్మాలి. నేను అమ్మింది 180. వచ్చిన 18,000లోంచే అదనపు పనివాళ్ల కూలీ, ఫ్లెక్సీ ఖర్చు. 10 శాతంతో ఆగి ఉంటే 150 చీరలకే పాత లాభం వచ్చేది. బోర్డు రాయించే ముందు పాత మిగులును కొత్త మిగులుతో భాగించండి. అన్ని రెట్లు అమ్మగలమా అన్నది మీకే తెలుస్తుంది.

ఈసారి ధర ముట్టుకోవడం లేదు. బిల్లు బుక్కు తీసి చివరి 50 బిల్లులు చూశాను. ఎక్కువ 1400 దగ్గర ఉన్నాయి. అందుకే ‘2000 కొంటే బ్లౌజ్ పీస్ ఫ్రీ’ అని పెడుతున్నాను. 1400 బిల్లుకు 420 మిగిలేది. 2000 అయితే 600, అందులో బ్లౌజ్ పీస్ ఖర్చు 90 పోయినా 510 ఉంటుంది. ఒక జాగ్రత్త, ఇప్పటికే చాలా బిల్లులు 2000 దాటుతుంటే ఇది పనిచేయదు. ఎలాగూ కొనేవాళ్లకు ఊరికే ఇచ్చినట్టవుతుంది. అప్పుడు హద్దు పెంచాలి.

ఏడాదిగా కదలని సరుకు సంగతి వేరు. కొన్న ధరకే ఇచ్చినా ఇరుక్కున్న డబ్బు బయటికొస్తుంది. కానీ ఆ చీరలు విడిగా ఒక ర్యాక్‌లోనే పెట్టి, ‘ఈ ర్యాక్‌కు మాత్రమే’ అని పెద్దగా రాయండి. లేకపోతే కౌంటర్ దగ్గర కొత్త చీర పట్టుకుని గొడవే.

ఆఫర్ తేదీలూ ముందే రాసిపెట్టుకోండి. బతుకమ్మ మొదలవకముందు, షాపు ఖాళీగా ఉండే రోజుల్లో మొదలుపెట్టాలి. సద్దుల బతుకమ్మకు మూడు రోజుల ముందు బోర్డు తీసేయాలి. అప్పుడొచ్చేవాళ్లకు ఎలాగూ చీర కావాలి, వాళ్లకు తగ్గించడం మన జేబు మనమే కోసుకోవడం.

ఎంత చేసినా, “ఆఫర్ సరే అన్నా, ఇంకెంత తగ్గిస్తవు?” అని అడగకుండా ఎవరూ పోరు. పనివాళ్లకు ముందే చెప్పండి, పైసలు తగ్గించొద్దు, ఫాల్ ఫ్రీగా ఇవ్వమని. మాకు అది 20 రూపాయల్లో తేలిపోతుంది. అదే నోటితో 100 తగ్గించామనుకోండి, పక్కనున్న అక్క కూడా వింటుంది.